ఒంటిని వదలని కోటు

ఆయన్ని అందరూ స్కేలు మాస్టారు అనేవారు. మాస్టారు అన్నారు కదా అని ఏ బడిలోనో పాఠాలు చెప్పాడనుకోవద్దు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడు, అదొక కారణం. చేతిలో స్కేలు లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తిన్నని గీత గీయగలడు, అది రెండో కారణం. ఆయన గీసిన గీత మీద ఒకసారి చీమలు బారులు తీరి నడిచాయని ఆఫీసులో చెప్పుకునేవారు. నిజానికి ఆ రోజు నడిచింది ఒక్క చీమే. అదీ సగం దాకా వచ్చి పక్కకు తిరిగింది. అయినా మాట మాత్రం నిలిచిపోయింది.

ముప్ఫై ఏళ్ళు ఆయన బడిపిల్లల చార్టులు గీశాడు. పళ్ళు, పక్షులు, బండ్లు, మనిషి శరీరం. ఊళ్ళో సగం తరగతి గదుల్లో గోడకు వేలాడుతున్న పేగులు ఆయన చేతివే. తర్వాత పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు వేశాడు. ఆ పుస్తకాలు అచ్చువేసే పెద్దాయన పోయి, కూతురు కుర్చీలోకి వచ్చింది. ఆవిడతో పాటే బొమ్మలు తయారుచేసే యంత్రమూ వచ్చింది. కంప్యూటర్‌లో నాలుగు మాటలు రాస్తే నిమిషంలో బొమ్మ వేసిపెడుతుంది. అప్పటికి ఆఫీసులో నలుగురు చిత్రకారులు ఉండేవారు. ఒకాయన ఫొటో ఫ్రేముల కొట్టు పెట్టుకున్నాడు. ఒకాయన డ్రాయింగు చెప్పుకోవడానికి వెళ్ళాడు. మూడో ఆయన సంచీ తీసుకుని, చెప్పులేసుకుని, ఎక్కడికని ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగాడు. స్కేలు మాస్టారు మిగిలాడు. కారణం ఆయన చేయి కాదు, కన్ను. యంత్రం వేసిన బొమ్మలో పిల్లవాడికి ఆరో వేలు మొలిస్తే, మిగతా అందరూ ఆహా ఓహో అంటుండగానే ఆయన ఆ వేలు దగ్గర చూపుడువేలు ఆనించేవాడు.

అలా రెండేళ్ళుగా ఆయన గీయడం లేదు. చూస్తున్నాడు, రాస్తున్నాడు, మౌస్ నొక్కుతున్నాడు. ఆయన గది మూడో అంతస్తులో వెనకవైపు. కింద టైర్ల కొట్టు, కాబట్టి రోజంతా రబ్బరు వాసన. కిటికీ తెరిస్తే మూరెడు దూరంలో పక్క భవనం గోడ. గదిలో పగలు కూడా ట్యూబులైటు వెలగాల్సిందే. వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకుపోతుంది. బయటికి రావాలంటే భుజంతో ఒక్క తోపు తోయాలి. ఆఫీసులో వాళ్ళకు ఆ చప్పుడు వినిపిస్తే, మాస్టారు టీకి వస్తున్నాడని తెలిసేది.

ఇప్పుడు చినుకు సంగతి. చినుకు మనిషి కాదు, పుస్తకంలో పిల్ల. ఆ పిల్లను పుట్టించింది యజమానురాలి పెద్దమ్మ. డెబ్భై దాటిన మనిషి, హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయింది. ఇప్పటికీ ఆవిడ మెట్లెక్కుతున్న అలికిడి వింటే ఆఫీసులో అందరూ కాళ్ళు దగ్గరకు లాక్కుంటారు. ఆవిడ కథల్లో చినుకుకు ఎనిమిదేళ్ళు. రెండు జడలు. పసుపుపచ్చ రెయిన్‌కోటు, దానికి నాలుగు నల్ల గుండీలు, ఎడమవైపు ఒక జేబు, జేబు మీద ఎర్ర అతుకు. ఆ కోటే చినుకు గుర్తు. వానొస్తే చాలు, కోటు తొడుక్కుని ఎవరికో ఏదో పని చేసిపెట్టడానికి బయల్దేరుతుంది.

మొదటి పుస్తకం మాస్టారి పరువు తీసింది. యంత్రానికి కిందటి పేజీ గుర్తుండదు. అడిగిన ప్రతిసారీ మొదటి నుంచీ వేస్తుంది, రాసిన మాటలే దానికి ఆధారం. పసుపు కోటు, నాలుగు గుండీలు అని రాస్తే ఒక పేజీలో నాలుగు వేసింది, తర్వాత పేజీలో అయిదు, ఆపైన గుండీలు తీసేసి జిప్పు కుట్టింది. జేబు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి మోచేతికి షికారు చేసింది. ఎర్ర అతుకు ఒకచోట పువ్వయింది. మాస్టారు వర్ణన పెంచాడు. నాలుగు వాక్యాలు రాసినా, పది రాసినా అంతే. ముందు వేసిన బొమ్మ ఒకటి పక్కన పెట్టి, ఇలాంటి కోటే వెయ్యమని చూపిస్తే ఎదుటి నుంచి బాగానే వచ్చింది గానీ, పిల్ల వెనక్కి తిరిగిన పేజీలో వీపు మీద కూడా నాలుగు గుండీలు పెట్టింది. గడువు దగ్గరపడింది. కనిపించినన్ని తప్పులు దిద్ది పుస్తకం వదిలారు.

నెల తిరక్కుండా ఒక బడి నుంచి ఉత్తరం వచ్చింది. రెండో తరగతి పిల్లలు ఇరవైముగ్గురు సంతకాలు పెట్టారు. చినుకు దగ్గర ఎన్ని రెయిన్‌కోట్లున్నాయి, మేము ఏడు లెక్కపెట్టాము, అని అందులో ఉంది. యజమానురాలు ఆ ఉత్తరాన్ని మాస్టారి బల్ల అద్దం కింద పెట్టించింది. బల్ల ముందు కూర్చున్నప్పుడల్లా అదే కంటబడేది.

ఇంటి దగ్గర ఆయన భార్య పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడకు వీధి చివర చిన్న టైలరింగ్ షాపు ఉంది. కొత్త బట్టలకంటే పాతవి బాగుచేయడమే ఎక్కువ. ఆవిడ గుండీల సంఖ్య పట్టించుకోలేదు. ఒక పేజీలో కుడి అంచు పైకొచ్చిందనీ, ఎదుటి పేజీలో ఎడమ అంచు పైకొచ్చిందనీ, ఈ పిల్ల కోటును ఇద్దరు దర్జీలు ఒకళ్ళమీద ఒకళ్ళు కోపంతో కుట్టినట్టుందనీ చెప్పింది. మాస్టారికి ఆ తప్పు తట్టనే లేదు. ఆరో వేలు పట్టే కన్ను అని పేరు పడ్డాక అలాంటిది వినాలంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అప్పుడే కంప్యూటర్లు చూసే సర్వీసాయన ఒక దారి చెప్పాడు. బట్టతల, రెండు ఫోన్లు, ఏ ప్రశ్నకైనా ముందు ఒక నిట్టూర్పు విడిచే మనిషి. యంత్రానికి చినుకును ప్రత్యేకంగా నేర్పించవచ్చు అన్నాడు. ఇరవై ముప్ఫై మంచి బొమ్మలు ఇవ్వాలి. ప్రతి బొమ్మకూ కింద ఒక చీటీ, అంటే ఆ బొమ్మలో ఏముందో చెప్పే ఒకటి రెండు వాక్యాలు రాయాలి. ప్రతి చీటీ మొదట్లోనూ పిల్ల పేరు ఒకేలా రాయాలి. నేర్చుకున్నాక ఆ పేరు పిలిస్తే చాలు, ఆ పిల్లే వస్తుంది.

మాస్టారు ఇరవైఎనిమిది బొమ్మలు ఏరాడు. ఒక్కో బొమ్మలో గుండీలు నాలుగే ఉండేలా, కుడి అంచే పైకి వచ్చేలా, జేబు ఎడమకే ఉండేలా వారం రోజులు కూర్చుని దిద్దాడు. చీటీలు మాత్రం ఒక్క మధ్యాహ్నంలో రాసేశాడు. నిలబడింది, వీధి, పక్క నుంచి. నవ్వుతోంది, మెట్లు. పరుగెత్తుతోంది, వెనక నుంచి. కోటు గురించి ఒక్క ముక్క రాయలేదు. ముప్ఫై ఏళ్ళు చార్టులు గీసిన మనిషి. గుండెకు గుండె అని పేరు రాస్తారు గానీ, చార్టు కింద ఇది కాగితం అని ఎవరైనా రాస్తారా? కోటు ఇరవైఎనిమిదింటిలోనూ ఉండనే ఉంది. కళ్ళున్న ప్రతివాడికీ కనిపిస్తున్నదాన్ని మళ్ళీ రాయడం ఎందుకనుకున్నాడు.

యంత్రం నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, ఇక చినుకు అని పిలిస్తే చాలు, పసుపు కోటు, నాలుగు గుండీలు, ఎడమ జేబు, ఎర్ర అతుకు వచ్చి నిలబడేవి. ముందు నుంచి, వెనక నుంచి, చెట్టెక్కినా, గొడుగు పట్టినా అదే కోటు. రెండో పుస్తకం, మూడో పుస్తకం నున్నగా జారిపోయాయి. బడి నుంచి ఉత్తరాలు రాలేదు. మాస్టారు బల్ల అద్దం ఎత్తి, పాత ఉత్తరం తీసి సొరుగులో వేసుకున్నాడు.

నాలుగో కథ పెద్దమ్మగారు స్వయంగా తెచ్చి ఇచ్చింది. చినుకు వాళ్ళ భవనంలోకి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది. అందులో చినుకుకంటే చిన్నపిల్ల, వానకు భయపడి గుమ్మం దాటదు. పుస్తకం పొడుగునా చినుకు ఆ పిల్లను బయటికి రమ్మని ఏవేవో చేస్తుంది. చివరి రెండు పేజీల్లో కోటు విప్పి ఆ పిల్లకు తొడుగుతుంది. కోటు చేతులు ఆ పిల్ల వేళ్ళు దాటి వేలాడతాయి. చినుకు తడుస్తూ, నవ్వుతూ పక్కన నడుస్తుంది. అంతే కథ. మాటలు ఎక్కువ లేవు. చివరి పేజీలో అసలే లేవు.

ప్రెస్సులో కాగితం ఎక్కేది మరుసటి వారం బుధవారం పొద్దున. మాస్టారు ఈ వారం సోమవారానికి ఇరవైరెండు పేజీలు ముగించి, చివరి రెంటికి వచ్చాడు. చినుకు, వాన, కోటు లేకుండా, అని రాశాడు. కోటు వేసుకున్న చినుకు వచ్చింది. కోటు విప్పేసింది, అని రాశాడు. ఒక కోటు చేతిలో పట్టుకుని, ఇంకో కోటు వేసుకుని వచ్చింది. అప్పుడర్థమైంది, లేకుండా అన్న మాట దీని చెవికెక్కడం లేదని. కోటు అన్న మాటే తీసేసి, గౌను వేసుకున్న చినుకు అన్నాడు. కోటు కింద గౌను అంచు కనిపిస్తూ వచ్చింది. పట్టుదలకు పోయి స్నానం చేస్తున్న చినుకును అడిగాడు. తొట్టెలో, నురగ మధ్య, నాలుగు గుండీలూ పెట్టుకుని కూర్చుంది. పక్కన చిన్నపిల్లను నిలబెడితే ఆ పిల్లకు కూడా పసుపు కోటు, రెండు జడలు వచ్చేశాయి. గుమ్మంలో ఇద్దరు చినుకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు.

మంగళవారం ఇంకో దారి పట్టాడు. బొమ్మలో కోటు ఉన్న మేర రంగు పూసి, అంతవరకే మళ్ళీ వెయ్యమన్నాడు. కోటు పోయి పసుపుపచ్చ గౌను వచ్చింది, నాలుగు నల్ల గుండీలతో. నేర్చుకున్నదాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, దాన్ని సగానికి తగ్గించాడు. కోటు పలచబడింది. మొహం కూడా పలచబడింది. అంకె ఇంకా తగ్గిస్తే కోటు పోయింది గానీ, అక్కడున్నది ఎవరో పక్కింటి పిల్ల. కోటును, మొహాన్ని విడదీయడం ఆయన తరం కాలేదు. బుధవారం, గురువారం కూడా అలాగే పోయాయి. మొత్తం రెండువందల బొమ్మలు తీసి ఉంటాడు. తెర నిండా పసుపు. కళ్ళు మూసుకున్నా గుండీలే.

శుక్రవారం యజమానురాలు గదిలోకి వచ్చింది. మంచి మనిషే. గట్టిగా మాట్లాడదు. కుర్చీ లాక్కుని కూర్చుని తెర చూసింది, తొట్టెలో చినుకును చూసి నవ్వింది కూడా.

“ఒక పని చేద్దాం మాస్టారూ. చినుకు ఇంట్లోంచి రెండో కోటు తెచ్చి ఇస్తుంది. ఇద్దరికీ కోట్లు. యంత్రం ఎలాగూ అదే వేస్తోంది కదా.”

“కథ మారిపోతుంది కదమ్మా.”

“ఒక్క వాక్యం మారుతుంది. మంగళవారం మూడింటిదాకా చూడండి. రాకపోతే నేనే మారుస్తాను. పెద్దమ్మకు నేను చెప్పుకుంటాను.”

చేత్తో ఆ రెండు పేజీలూ గీసేస్తాను అని ఆయన నోటిదాకా వచ్చింది. అడిగాడు కూడా, మెల్లగా. ఇరవైరెండు పేజీలు ఒక తీరు, రెండు పేజీలు ఒక తీరు ఉంటే పిల్లలకు తెలిసిపోతుందంది. ఆ మాట అబద్ధం కాదు. ఏడు కోట్లు లెక్కపెట్టిన పిల్లలు.

ఆవిడ చెప్పుకుంటానంది గానీ, పెద్దమ్మగారికి ఆ సంగతి అప్పటికే చేరిపోయింది. మధ్యాహ్నం లిఫ్టు పనిచేయడం లేదు. మూడు అంతస్తులూ మెట్లమీద ఎక్కి వచ్చింది, ఉబ్బిన తలుపును మాస్టారికంటే బలంగా తోసింది. కాసేపు ఊపిరి తీసుకుంటూ నిలబడింది. ఆయన లేచి నిలబడ్డాడు. తన కంటే పెద్ద మనిషి గదిలోకి వస్తే లేవడం మర్యాద. హెడ్‌మిస్ట్రెస్ వస్తే అది మర్యాద కాదు, మోకాళ్ళు వాటంతట అవే లేస్తాయి.

“కూర్చో నాయనా. ఆ పిల్ల తడవాలి. తడవకుండా ఇస్తే అది ఇవ్వడం కాదు, పంచిపెట్టడం. నా కథలో రెండో కోటు లేదు.”

“నాకూ అదే అనిపిస్తోందండీ.”

“అనిపిస్తే చాలదు. నువ్వు విప్పించు.”

అంతే అని, తిరిగి మెట్లు దిగింది. ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు ఆయనకు కింద దాకా వినిపించింది. కిటికీ తీశాడు. ఎదురుగా గోడ. మూసేశాడు.

శనివారం సగం రోజే ఆఫీసు. సర్వీసాయనకు ఫోన్ చేశాడు. అవతల నిట్టూర్పు అయ్యాక, నేర్పించినప్పటి చీటీలు చదవమన్నాడు. మాస్టారు చదివాడు. నిలబడింది, వీధి. నవ్వుతోంది, మెట్లు. అయిదారు చదివేసరికి అవతలివాడు ఆపమన్నాడు.

“కోటు ఎక్కడా రాయలేదా?”

“అన్నింట్లోనూ ఉంది కదండీ.”

“అదే మాస్టారూ కొంప ముంచింది. మీరు రాసిందల్లా దానికి విడి వస్తువు. వీధి అన్నారు, వీధి తీసేయగలదు. నవ్వు అన్నారు, నవ్వు తీసేయగలదు. రాయకుండా వదిలేసిందంతా ఆ పిల్ల పేరుకే అంటించేసుకుంది. మొహం రాయలేదు, జడలు రాయలేదు, కోటూ రాయలేదు. దాని లెక్కలో కోటు ఆ పిల్ల చర్మం.”

మాస్టారు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. తర్వాత, ఇప్పుడు చీటీల్లో కోటు రాస్తే సరిపోతుందా అని అడిగాడు. కొంత సరిపోతుందన్నాడు సర్వీసాయన. కానీ కోటు లేని చినుకును అది ఒక్కసారైనా చూడాలి కదా. కోటు లేకుండా పది పన్నెండు బొమ్మలు కలిపి, మొత్తానికి చీటీలు కొత్తగా రాసి, మళ్ళీ మొదటి నుంచీ నేర్పించాలి. ఆ పన్నెండూ పుస్తకంలో బొమ్మల్లాగే ఉండాలి. పెన్సిల్ గీతల్లా ఉంటే, కోటు విప్పినప్పుడల్లా పిల్ల పెన్సిల్ బొమ్మగా మారిపోతుంది.

కోటు లేని బొమ్మలు ఎక్కడి నుంచి తేవాలి? యంత్రం ఇవ్వదు. ఇవ్వకపోవడమే కదా గొడవ. ప్రపంచంలో ఎవరైనా చినుకును కోటు లేకుండా చూసి ఉంటే ఆ మనిషి కాళ్ళు పట్టుకునేవాడు. ఎవరూ చూడలేదు.

ఆదివారం పొద్దున్నే భార్యతో పాటు ఆవిడ షాపుకు వెళ్ళాడు. ఇంట్లో పెద్ద బల్ల లేదు. అక్కడ గుడ్డలు కత్తిరించే బల్ల ఉంది. కాగితాలు పరిచి, పెన్సిల్ చెక్కి, కూర్చున్నాడు. గంట గడిచింది. కాగితం మీద ఒక తల, రెండు జడలు, మెడ దాకా వచ్చి ఆగిపోయింది.

ఆవిడ మిషను ఆపకుండానే అడిగింది, “ఏమైందండీ, మెడ దగ్గర రోడ్డు మూసేశారా?”

“లోపల ఏం వేసుకుందో తెలియడం లేదు.”

మిషను ఆగింది. “మూడు పుస్తకాలు తిప్పారు ఆ పిల్లని. లోపల ఏమేసుకుందో కూడా చూడలేదా?”

“పెద్దమ్మగారు రాయలేదు.”

“ఆవిడ రాయకపోతే చలికి వణకమనేనా? కోటు జేబుకు అతుకు వేసిన ఇల్లు అది. కొత్త గౌను కొనరు. పాత గౌనే ఉంటుంది. పిల్ల పొడుగైంది కాబట్టి కింది మడత విప్పి దించుంటారు. విప్పిన చోట గీత పడుతుంది, ఎన్నిసార్లు ఉతికినా పోదు. ఇదిగో, ఇలా.” పక్కన బాగుచేయడానికి వచ్చిన పిల్ల గౌను ఒకటి తీసి అంచు చూపించింది. నీలిరంగు వెలిసి, కింద రెండు వేళ్ళ మేర ముదురు నీలం, మధ్యలో తెల్లటి గీత.

ఆయన ఆ గీతను చాలాసేపు చూశాడు. తర్వాత గీయడం మొదలుపెట్టాడు.

చేయి మొదట మొరాయించింది. రెండేళ్ళు మౌస్ పట్టిన చేయి. అంతకంటే ఇబ్బంది మొహం దగ్గర వచ్చింది. చినుకు మొహం యంత్రానిది. ఆయన చేయి దాన్ని వేయబోతే ఇంకో పిల్ల, తను ఎప్పుడో వేసిన పిల్లల్లో ఒకతె వచ్చేది. చివరికి మూడో పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని, యంత్రం వేసిన మొహాన్ని చూసి చేత్తో దించాడు. ఇంతకాలం బొమ్మల వాళ్ళను చూసి యంత్రాలు నేర్చుకున్నాయని విన్నాడు. ఇవాళ తను యంత్రాన్ని చూసి నేర్చుకుంటున్నాడు. భార్యకు చెబితే, అయితే ఫీజు కట్టండి అంది.

సాయంత్రానికి పన్నెండు అయ్యాయి. నిలబడి, కూర్చుని, తడిసి, ఆరి, ముందు నుంచి, వెనక నుంచి. గౌను వెనక గుండీలు రెండే అని ఆవిడ తేల్చింది, ఆయన రెండే వేశాడు. సోమవారం ఆఫీసులో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పుస్తకంలో లాగే నున్నటి గీతలు, నిండు రంగులు వేశాడు. పెన్సిల్ వాసన కూడా మిగలకుండా చేశాడు. తర్వాత నలభై చీటీలు. ఈసారి పసుపు కోటు, నాలుగు నల్ల గుండీలు, ఎడమ జేబు, ఎర్ర అతుకు అని పాతవాటి కిందా, వెలిసిన నీలి గౌను, కింద తెల్ల గీత అని కొత్తవాటి కిందా, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా అవే మాటలు రాశాడు. మధ్యాహ్నం నేర్పించడానికి పెట్టి, తను ఎదురుగా కూర్చున్నాడు. తెర మీద అంకెలు కదులుతున్నాయి. ఆయన కదలలేదు. ఉబ్బిన తలుపు ఆ పూట ఒక్కసారీ చప్పుడు చేయలేదు. ఆఫీసులో వాళ్ళు మాస్టారు సెలవు అనుకున్నారు.

మంగళవారం పొద్దున చినుకు అని పిలిచి, నీలి గౌను మాటలు రాశాడు. వచ్చింది. నీలి గౌను, తెల్ల గీత, తడిసి ముద్దయిన జడలు. భుజాలు కనిపిస్తున్నాయి. ఇంత చిన్న భుజాలా అనుకున్నాడు. కోటులో అంత తెలిసేది కాదు.

తర్వాతి పని కూడా తేలిగ్గా కాలేదు. కోటు తొడుక్కున్న చిన్నపిల్లను అడిగితే ఆ కోటులోంచి చినుకు మొహమే తొంగిచూసింది. ఆ మొహం మేర రంగు పూసి, అక్కడ మాత్రం చినుకును నేర్పకముందున్న యంత్రంతో వేరే మొహం వేయించాడు. కోటు ఇప్పుడు చినుకు పేరుతో పాటు రాదు, మాటల్లో విడిగా అడగాలి; దాంతో గుండీలు మళ్ళీ ఒకసారి అయిదయ్యాయి. ఏడెనిమిది తీసి, నాలుగున్నది ఏరాడు. ఇద్దరినీ విడివిడిగా వేయించి, ఒకే వానలోకి చేర్చాడు. చిన్నపిల్ల వేళ్ళు దాటి పసుపు చేతులు వేలాడాయి. మూడింటికి పావుగంట ముందు రెండు పేజీలూ అయ్యాయి.

పెద్దమ్మగారు యజమానురాలి గదిలోనే కూర్చుని ఉంది. కాగితం మీద తీసి చూపించారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. గౌను కింది గీత మీద వేలు పెట్టింది. ఇది ఎవరు రాశారంది. నా భార్యండీ అన్నాడు. ఆవిడకో పుస్తకం పంపించమని చెప్పింది. రెండో కోటు మాట ఎవరూ ఎత్తలేదు. బుధవారం కాగితం ఎక్కింది.

గురువారం యజమానురాలు ఆయన గదికి వచ్చింది. బల్ల మీద ఆదివారం గీసిన పన్నెండు కాగితాలూ ఉన్నాయి, రంగులు వేయకముందువి. ఒక్కొక్కటీ తీసి చూసింది. వెలుతురు చాలక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ వెలుతురు ఇంకా తక్కువని వెనక్కి వచ్చింది.

“ఇవి మీరు చేత్తో వేసినవేనా? ఇంత బాగుంటాయని నాకు తెలియదు మాస్టారూ. నాన్న చెబుతుండేవారు.”

ఆయన కుర్చీ కాస్త ముందుకు లాక్కున్నాడు. తర్వాతి పుస్తకం చేత్తో వేస్తానని అడగడానికి మాట వెతుక్కుంటున్నాడు. ఆవిడే ముందు అంది.

“దీన్నే నేర్పిద్దాం. ఈ గీతని. ఇలాంటివి ముప్ఫై వేసివ్వండి. సర్వీసాయనతో మాట్లాడాను, ముప్ఫై చాలట. ఆ తర్వాత అన్ని పుస్తకాలూ మీ చేత్తో వేసినట్టే వస్తాయి. మీకు ఆదివారాలు కూర్చునే కష్టం ఉండదు.”

ఆవిడ నిజంగానే ఆయన మేలు కోరి అంది. మొహంలో ఆ సంతోషం కనిపిస్తోంది. కాదనడానికి ఆయనకు పట్టు దొరకలేదు. గీయమంటోంది. రెండేళ్ళుగా ఎవరూ అనని మాట. జీతమిచ్చి, పగటిపూట, ఆఫీసులో కూర్చుని పెన్సిల్‌తో గీయమంటోంది. ముప్ఫై బొమ్మలు. ముప్ఫై అయ్యాక పెన్సిల్‌తో పని ఉండదు.

ఎప్పటికి కావాలని మాత్రం అడిగాడు. నెలాఖరుకంది.

మాస్టారు కింద టైర్ల కొట్టు పక్కనున్న స్టేషనరీ కొట్టులో మంచి పెన్సిళ్ళు ఒక డజను, మందపాటి కాగితం ఒక కట్ట కొన్నాడు. కంప్యూటర్‌ను బల్ల మూలకు జరిపాడు. ట్యూబులైటు కింద మొదటి కాగితం పరిచి, పిల్ల పరుగెత్తుతున్నట్టు ఒక బొమ్మ మొదలుపెట్టాడు. ఎత్తిన కాలు, వెనక్కి ఎగిరిన జడ. చేతికి పాత ఊపు వచ్చేసింది. బొమ్మ ఆ పూటే అయిపోయింది. ఎలాంటి లోపమూ లేదు. దాన్ని ఎదురుగా ఆనించుకుని, మర్నాడంతా చూస్తూ కూర్చున్నాడు.

వారం తర్వాత బల్ల మీద ఫోను మోగింది.

“ఎన్నయ్యాయి మాస్టారూ?”

“ఒకటమ్మా.”

“ఒకటేనా?”

“కాలు కుదరడం లేదు.”

“పోనీ మెల్లగానే చేయండి. నెలాఖరుకైతే చాలు” అని ఆవిడ పెట్టేసింది. ఆయన రిసీవరు పెట్టి, పరుగెత్తుతున్న పిల్ల కాలు వైపు చూశాడు. చక్కగా కుదిరింది.